పెళ్లి మేకప్ అగ్రిమెంట్‌లో ఏం రాసుకోవాలి? ఆర్టిస్ట్‌కి ఒంట్లో బాగోకపోతే ఎలా?

ప్రశ్న: వచ్చే నెల 14 శనివారం మా చెల్లి పెళ్లి, భీమవరంలో. ముహూర్తం రాత్రి 3:18కి. మేకప్ ఆర్టిస్ట్ విజయవాడ నుంచి రావాలి. 35 వేలు చెప్పి సగం ఇప్పుడే అడ్వాన్స్ వేయమంటున్నారు. కాగితం మీద ఏమేం రాయించుకోవాలి? ఆఖర్లో ఆవిడకి జ్వరమొస్తే మా పరిస్థితేంటి?

జవాబు:

నేను విజయవాడలోనే బ్రైడల్ మేకప్ చేస్తానండి, గోదావరి జిల్లాల పెళ్లిళ్లకి ఎక్కువ వెళ్తుంటా. నా క్లయింట్స్‌కి నేను రాసిచ్చే కాగితంలో ఏముంటుందో అదే చెప్తాను.

ముందు తేదీ సరిగ్గా రాయండి. శుభలేఖలో "శనివారం రాత్రి 3:18, తెల్లవారితే ఆదివారం" అని వేస్తారు కదా, ఫోన్ క్యాలెండర్‌లో అది 15వ తేదీ. ఆర్టిస్ట్ "14, 3:18 ఏఎం" అని రాసుకున్నారంటే శుక్రవారం రాత్రి అనుకుని ఆ రోజు ఖాళీ పెట్టుకుని, శనివారం రాత్రి ఇంకొకళ్ళకి ఒప్పేసుకునే ప్రమాదం ఉంది. అందుకే "14 శనివారం సాయంత్రం 7కల్లా భీమవరం చేరాలి, ముహూర్తం 15 ఆదివారం తెల్లవారుజామున 3:18" అని రెండూ రాయించండి. బయల్దేరే టైమ్ రాయొద్దు, చేరే టైమే రాయాలి.

తర్వాత ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసుకోండి. 3:18 అంటే గౌరీపూజకి 1:45కల్లా కూర్చోబెట్టాలి, అంటే అమ్మాయి 1:30కి పూర్తిగా రెడీ. చీర, నగలు, పూలజడ కలిపి గంట పైనే పడుతుంది, మేకప్, హెయిర్‌స్టైల్‌కి ఇంకో రెండు గంటలు వేసుకోండి, అంటే 10:15కి కుర్చీలో ఉండాలి, తలస్నానం అయిపోయి జుట్టు పూర్తిగా ఆరిపోయి ఉండాలి. తడి జుట్టు మీద కర్ల్ నిలవదు, సగం ఆలస్యాలు మంగళస్నానం దగ్గరే మొదలవుతాయి. కాగితంలో "ఆర్టిస్ట్ కిట్ సర్దుకుని సిద్ధం 10:00, పెళ్లికూతురు కుర్చీలో 10:15, రెడీ 1:30" అని మూడు టైములూ ఉంటే ఎవరి వల్ల లేటయిందో గొడవుండదు. మధుపర్కాలు మీ ఇంట్లో ఎప్పుడు కట్టిస్తారో పంతులుగారిని అడిగి, దానికి ఆర్టిస్ట్ ఉండాలా, తలంబ్రాల దాకా టచప్‌కి ఉండాలా అనేది కూడా రాయండి, లేకపోతే 1:30కే కిట్ సర్దేసి వెళ్ళిపోవచ్చు.

ఆర్టిస్ట్ అరగంట దాటి లేటైతే ఇంత తగ్గిస్తాం అని రాసుకోవచ్చు, కానీ గంటకి పది వేలు లాంటివి వద్దు, కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సబబైన మొత్తం వరకే వస్తుంది, భయపెట్టడానికి రాసిన అంకె నిలబడకపోవచ్చు. దానికంటే "ఆ రాత్రి ఇంకో పెళ్లి ఒప్పుకోను" అనే లైన్ ముఖ్యం, లగ్నాల సీజన్‌లో ఒకే రాత్రి రెండు ముహూర్తాలు పట్టేవాళ్ళున్నారు. మీ వైపు లేటైతే ఏం తగ్గించాలో కూడా ముందే అనుకోండి, నేనైతే ముందు ఐలాషెస్, హెయిర్‌స్టైల్ సింపుల్ చేస్తా, చీర పిన్నింగ్ మాత్రం తొందరపడను, పీటల మీద కూర్చుని లేచేటప్పుడు అదే ఊడిపోతుంది.

సగం ఇప్పుడే వద్దండి. 10 వేలు డేట్ బ్లాక్ చేయడానికి, 15 వేలు పెళ్లికి వారం ముందు, మిగతా 10 వేలు అమ్మాయి రెడీ అయ్యాక. ఆ రాత్రి ఆ డబ్బులు ఎవరిస్తారో పేరు రాయండి, మీ నాన్నగారు మండపంలో ఉంటారు, ఆయన్ని వెతుక్కుంటూ ఎవరూ తిరగలేరు. మైల వచ్చి పెళ్లి వాయిదా పడితే అడ్వాన్స్ కొత్త తేదీకి మారాలి, ఆ తేదీకి ఆర్టిస్ట్ ఖాళీ లేకపోతే ఎంత తిరిగిస్తారో అంకె రాయించండి. ట్రావెల్ విషయంలో కారు ఎవరిది, అసిస్టెంట్‌తో కలిపి ఎంతమంది, ఏసీ, అద్దం, జనరేటర్ లైన్ ఉన్న గది, తిరుగు ప్రయాణం, ఇవి చాలు.

ఇక జ్వరం సంగతి, అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది, అందులో 65వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది, ఒక గాయని కచేరీకి వెయ్యి రూపాయలు ముందే తీసుకుంది, ఒంట్లో బాగోక పాడలేకపోయింది. ఆ కచేరీ వల్ల రావాల్సిన లాభం పోయిందని నష్టపరిహారం కట్టక్కర్లేదు, కానీ ఆ వెయ్యీ తిరిగివ్వాలి. మేకప్‌కీ అదే లెక్క. "అడ్వాన్స్ ఎట్టి పరిస్థితుల్లో రీఫండ్ కాదు" అని ఇన్‌స్టా పేజీలో పెట్టుకున్నా, వాళ్ళే రాలేనప్పుడు అది మీకు వర్తించకూడదు, "పెళ్లివారు క్యాన్సిల్ చేస్తేనే" అని మార్పించండి. అలాగే 40వ సెక్షన్ ప్రకారం ఒకరి చేతి నైపుణ్యం చూసి ఒప్పుకున్న పని వాళ్ళే చేయాలి, మీ ఒప్పుదల లేకుండా అసిస్టెంట్‌ని పంపేస్తే కుదరదు.

కానీ డబ్బు వెనక్కొస్తే శనివారం రాత్రి చెల్లికి మేకప్ అవదు కదా. అందుకే బ్యాకప్ ఆర్టిస్ట్ పేరు, నంబర్ ఇప్పుడే రాయించుకోవాలి. నాకు ఒకసారి తెనాలి పెళ్లికి ముందు కళ్ళకలక వచ్చింది. లేచి తిరగగలను, చెయ్యీ బానే ఆడుతుంది, కానీ ఆ బ్రష్‌లతో పెళ్లికూతురి కళ్ళ దగ్గరికి వెళ్ళడం తప్పు. నా కాగితంలో "అంటుకునే జబ్బైతే నేను రాగలిగినా రాను" అని ఉంది, బ్యాకప్ పేరూ ఉంది. ట్రయల్ రోజున రాసి పెట్టిన ఫౌండేషన్ షేడ్, ఏది పడదు, లెన్స్ పెట్టుకుంటుందా, పగటి వెలుగులో తీసిన ఫొటోలు అన్నీ ఆవిడకి పంపాను, ఆవిడ వీడియో కాల్‌లో అమ్మాయితో మాట్లాడింది.

లెక్క ఇలా తేలింది. ప్యాకేజీ 30 వేలు, నాకు అప్పటికి 20 వేలు వచ్చాయి. బ్యాకప్ ఆవిడ 24 వేలకి ఒప్పుకుంది. పెళ్లివారు బాకీ 10 వేలు నేరుగా ఆవిడకిచ్చారు, నేను 14 వేలు ఆవిడకి వేసి మిగతా 6 వేలు వాళ్ళకి తిరిగిచ్చాను. ట్రయల్‌కి విడిగా తీసుకున్నది మాత్రం ఇవ్వలేదు, ఆ పని అయిపోయింది కాబట్టి.

మీ కాగితంలో ఇలా రాయించండి: "అనారోగ్యం వల్ల రాలేకపోతే తెలిసిన వెంటనే ఫోన్ చేస్తాను. బ్యాకప్‌గా ఫలానావారిని పంపుతాను, పెళ్లివారు ఒప్పుకుంటేనే. ఆమె ఫీజు తక్కువైతే తేడా పెళ్లివారికి, ఎక్కువైతే తేడా నేను భరిస్తాను. పెళ్లివారు వద్దంటే ట్రయల్ ఫీజు మినహా మొత్తం 24 గంటల్లో యూపీఐలో తిరిగి వేస్తాను." స్టాంప్ పేపర్ లేదని ఆగిపోకండి, ఇదే వాట్సాప్‌లో పంపి "ఒప్పుకుంటున్నాను" అని రిప్లై తెప్పించుకున్నా పనికొస్తుంది. బ్యాకప్ పేరు ఇవ్వనంటే మాత్రం ఆ 10 వేలు వేయకముందే ఇంకొకరిని చూసుకోండి, లగ్నాలు దగ్గరపడే కొద్దీ ఎవరూ దొరకరు.