మూడేళ్ల చాట్‌లో రెండు నెలల ముక్కే ఓనరుకు పంపొచ్చా?

ప్రశ్న: మా ఇంటి ఓనరు డాలస్‌లో ఉంటారు. కూకట్‌పల్లి ఫ్లాటు వ్యవహారమంతా ఆయన బావమరిదే చూస్తాడు, అద్దె కూడా ఆయనే తీసుకుంటాడు. ఖాళీ చేస్తామని 2025 మార్చి 3న వాట్సాప్‌లో ఆ బావమరిదికి చెప్పి, మే 4న తాళాలు ఇచ్చాను. ఓనరేమో ‘నోటీసే ఇవ్వలేదు’ అంటూ అడ్వాన్సులో రెండు నెలల అద్దె పట్టుకున్నారు. చాట్ చూపించమంటున్నారు. అందులో మా ఆవిడ ఆపరేషను, నా అప్పుల గొడవలు కూడా ఉన్నాయి. కావలసినంత వరకే కోసి పంపితే తప్పవుతుందా?

జవాబు: తప్పు కాదు. చాట్ మొత్తం ఓనరు చేతిలో పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు. అయితే ముందూ వెనకా కోయడం వేరు, మధ్యలో గిల్లడం వేరు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని చెప్పి ఇస్తే అది ‘భాగం’. మధ్యలో మీకు ఇబ్బందిగా ఉన్న వాక్యం తీసేసి, ఏమీ తీయనట్టు ఇస్తే అవతలివాళ్లు ఫోర్జరీ అనగలరు. మీవైపు ఎంత న్యాయమున్నా అక్కడితో ఇరుక్కుంటారు.

వాట్సాప్‌లో తేదీలు ఎంచుకుని ఎక్స్‌పోర్ట్ చేసే వీలు లేదు. ఆండ్రాయిడ్‌లో చాట్ తెరిచి, మూడు చుక్కలు, `More`, `Export chat`, `Without media` నొక్కితే చాటంతా ఒక టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. దాన్ని మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఆ ఫైలును ముట్టుకోకుండా దాచి, కాపీ తీసి కాపీలోనే కోయండి. చాలామంది ఈ పనిలో ఇలా దెబ్బతింటారు:

```
03/03/25, 8:12 pm - మీ పేరు: అన్నా, ఫ్లాటు ఖాళీ చేస్తున్నాం.
మే 4 దాకా ఉంటాం.
అడ్వాన్సు అప్పుడు సెటిల్ చేద్దాం.
03/03/25, 8:20 pm - ఫ్లాట్ మేనేజర్: సరే
```

ఒకే మెసేజ్‌లో మూడు లైన్లుంటే తేదీ మొదటి లైనుకే పడుతుంది. తేదీ ఉన్న లైన్లను మాత్రమే ఏరితే, మీ కేసుకు ప్రాణమైన ‘మే 4 దాకా’ ఎగిరిపోతుంది. అందుకే ఏరకండి. మొదటి తేదీకి పైనున్నదంతా, చివరి తేదీకి కిందనున్నదంతా చెరపండి, అంతే.

ఇంకో మెలిక. మన ఫోన్లలో 03/05/25 అంటే మే 3. డాలస్‌లో అదే మార్చి 5గా చదువుతారు. నోటీసు తేదీ మీదే తగాదా నడుస్తోంది కాబట్టి పైన ఒక పేరా రాసి, నెలల పేర్లు అక్షరాల్లో పెట్టండి: ‘2025 ఫిబ్రవరి 26 నుంచి మే 6 వరకు ఉన్న చాట్ ఇది. ముందూ వెనకా ఉన్నది ఇవ్వలేదు. పూర్తి ఫైలు నా దగ్గర ఉంది. టైము ఇండియాది.’

ఫిబ్రవరి 26 ఎందుకన్నానంటే, మీ మెసేజ్‌తోనే మొదలుపెడితే ‘దానికి ముందేం మాట్లాడుకున్నారో’ అనే అనుమానం వస్తుంది. ఖాళీ చేసే మాట ఎక్కడ పుట్టిందో అక్కడి నుంచి ఇవ్వండి, తేదీ మీరు సరిచూసుకోండి. చివర కూడా తాళాలు, మీటరు రీడింగు ముగిసేదాకా ఉంచండి. ఆ మధ్యలో ఆపరేషను సంగతి వస్తే, తేదీ, పంపినవారి పేరు అలాగే ఉంచి, మాటల చోట [ఇంటి విషయం, తీసేశాను] అని కనబడేలా రాయండి. ‘రెండు వారాల ముందే ఖాళీ చేస్తామేమో’ అని మీరే అన్న మాట ఉంటే మాత్రం అది ఇంటి విషయం కాదు, ఉంచాల్సిందే.

బావమరిదికి చెప్తే చాలా అంటారా? కాంట్రాక్టు చట్టం 229వ సెక్షన్ ప్రకారం, ఏజెంటు తన పనిలో భాగంగా అందుకున్న నోటీసు యజమానికి అందినట్టే. ఆయనే అద్దె వసూలు చేసేవాడు కాబట్టి ఇక్కడ మీ వాదన బలంగానే ఉంది. కానీ ముందు అగ్రిమెంటు తీసి చూడండి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనే ఇవ్వాలని అందులో ఉంటే చాట్ ఒక్కటే సరిపోకపోవచ్చు.

వ్యవహారం కోర్టుకెక్కితే లెక్క మారుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 33వ సెక్షన్ కింద, ఒక మాట సరిగ్గా అర్థం కావడానికి సంభాషణలో ఇంకెంత కావాలో కోర్టే తేలుస్తుంది. 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్టూ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు నింపాలి, ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ రాయాలి. ఆ విలువ కోసం, అసలు ఫైలు పేరు `chat.txt` అనుకుంటే, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
certutil -hashfile chat.txt SHA256
```

వచ్చిన అంకెను ఈ రోజే మీకు మీరు మెయిల్ చేసుకోండి. ఫైలులో తర్వాత ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది. ఫోన్‌లో చాట్ కూడా చెరపొద్దు, ఫోను ఎవరికీ అమ్మొద్దు, అడిగితే చూపాల్సింది అదే.