‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అంటే ఒప్పుకోకండి

ప్రశ్న: జనరల్ మెడిసిన్ పీజీ మూడో ఏడాది. విదేశంలో రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తున్నాను. సిఫార్సు లేఖ అడిగితే మా సార్ ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అన్నారు. ఏం రాయాలి?

లేఖ మీరు రాయకండి. సార్ రాయడానికి కావలసిన సరుకు ఇవ్వండి. నేను శ్రీకాకుళంలో మెడిసిన్ కన్సల్టెంట్‌ని. చాలా ఏళ్లు నేనూ మీ సార్ లాగే సంతకాలు పెట్టాను. దానివల్ల మా పీజీ ఒకమ్మాయికి ఒక ఏడాది పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ అమ్మాయి థీసిస్ ఉద్దానం కిడ్నీ జబ్బు మీద. నేను సంతకం పెట్టిన మొదటి లేఖలో ‘కష్టపడే స్వభావం, నిజాయితీ, సమయపాలన ఉన్నాయి, పనితీరు సంతృప్తికరం’ అని ఉంది. మన కాండక్ట్ సర్టిఫికెట్ల భాష అది. ఇక్కడ ‘సంతృప్తికరం’ అంటే మంచి మాటే. అక్కడ చదివేవాళ్లకు మాత్రం ‘ఇంతకంటే చెప్పడానికేమీ లేదు’ అని అర్థమవుతుంది. సీటు రాలేదు. కారణం అడుగుతూ ఆమె మెయిల్ పెడితే, ‘మీ పని బాగుంది, ఆ లేఖ మాత్రం ఎవరి గురించైనా కావచ్చు’ అని అక్కడి ప్రొఫెసర్ జవాబిచ్చారు.

మరుసటి ఏడాది నేనే కూర్చుని రాశాను. రాసింది ఒక్క సంఘటన.

మే నెలలో కవిటి మండలంలో ఒక ఊళ్లో క్యాంపు పెట్టాం. జనం తోట పని ముగించుకుని సాయంత్రం నాలుగింటికి వచ్చారు. నలభై ఏళ్ల కొబ్బరి తోట కూలీకి క్రియాటినిన్ 1.7 వచ్చింది. షుగర్ లేదు, బీపీ మామూలే, మూత్రంలో ప్రోటీన్ లేదు. వేరేచోట అయితే ప్రోటీన్ లేదని కాస్త ధైర్యపడతాం. ఉద్దానం జబ్బులో ప్రోటీన్ పెద్దగా పోదు కాబట్టి ఆ ధైర్యం లేదు. మేమంతా అతన్ని రోగుల జాబితాలో రాసేశాం. ఆ అమ్మాయి మాత్రం రిజిస్టర్‌లో అతని పేరు పక్కన పెన్సిల్‌తో ‘ఎండలో పని, నీళ్లు తాగలేదు’ అని రాసుకుంది.

మూడో రోజు తెల్లవారుజామున ఐస్ బాక్సు పట్టుకుని, వాళ్లు పనికి వెళ్లకముందే ఊళ్లో ఉంది. ‘ఏటమ్మా, మొన్నే కదా రగతం తీసినారు’ అని అతను విసుక్కున్నా బతిమాలి తీసింది. 1.1 వచ్చింది. మొదట వచ్చిన 1.7 ఒంట్లో నీరు తగ్గినందువల్ల పెరిగిన అంకె. అదే వీధిలో ఒకావిడకు సాయంత్రం 1.9, తెల్లవారుజామునా 1.9. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని చెప్పాలంటే తేడా కనీసం మూడు నెలలు నిలవాలి. అందుకని ఆగస్టులో మళ్లీ వెళ్లింది. అతనికి అప్పుడూ 1.1, ఆవిడకు 2.0. ఆవిడే అసలు రోగి. ఇది నేను చెప్పి చేయించిన పని కాదు. లేఖలో ఆ మాట కూడా రాశాను.

రెండేళ్లు నా యూనిట్‌లో చూశానని, థీసిస్ గైడ్‌ని నేనేనని మొదటే చెప్పాను. లోపం కూడా దాచలేదు. స్టాటిస్టిక్స్‌లో ప్రాథమిక విషయాలే వచ్చు, ఒకే మనిషి నుంచి పలుసార్లు తీసిన కొలతల్ని విశ్లేషించడం ఇక్కడ నేర్పేవాళ్లు లేరు, ఈ ఫెలోషిప్ అందుకే కావాలి అని రాశాను. లోపం రాస్తే సీటు పోతుందని మనవాళ్లకు భయం. దరఖాస్తులో ఆమె చెప్పిన అవసరానికి, నేను చెప్పిన లోపానికి పొంతన కుదిరింది కాబట్టే నమ్మారని నా గట్టి అభిప్రాయం. ఇంటర్వ్యూలో ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, ‘తెల్లవారుజామున మళ్లీ తీయాలని ఎందుకనిపించింది?’

కాబట్టి మీ సార్‌కి ఒక పేజీ ఇవ్వండి. మీరు చేసిన పనుల్లో ఆయన కళ్లారా చూసినవి రెండో మూడో, తేదీలతో. పొగడ్తలు వద్దు. పక్కన సీవీ, ఫెలోషిప్ ప్రకటన పెట్టండి. ఓపీ ఉన్న రోజు ఆయన్ని పట్టుకోవద్దు. రెండు వందల మందిని చూసి లేచిన మనిషి ఎవరైనా ‘నువ్వే రాసుకురా’ అంటారు. అసలు తప్పు అక్కడుంది. పీజీలకు లేఖ రాయడం కూడా డ్యూటీయేనని ఏ ఆసుపత్రీ అనుకోదు, దానికి గంట సమయం ఇవ్వదు. చాలామంది కన్సల్టెంట్లకు సంస్థ పేరుతో మెయిల్ ఐడీ కూడా ఉండదు. మామూలు జీమెయిల్ నుంచి వెళ్లిన లేఖను అక్కడివాళ్లు అనుమానంగా చూస్తారు. మీ కాలేజీలో అలాంటి ఐడీ ఇస్తారేమో ముందే అడగండి.

చాలాచోట్ల లేఖ మీ చేతికి రాదు. లింకు సార్ మెయిల్‌కే వెళ్తుంది, ఆయనే అప్‌లోడ్ చేయాలి. ఆ లింకు తరచూ స్పామ్‌లో పడి ఉంటుంది. గడువుకు పది రోజుల ముందు ఆయన పక్కన కూర్చుని, ఆ మెయిల్ వెతికి తెరిపించండి. గడువు ఏ దేశం టైములో ఇచ్చారో కూడా అప్పుడే చూసుకోండి.