ఏజింగ్ ఎక్కువసేపు చేస్తే అల్యూమినియం ఎందుకు మెత్తబడుతుంది?

ప్రశ్న: 25 ఎంఎం మందమున్న 6061 అల్యూమినియం ముక్కలకు టీ6 హీట్ ట్రీట్‌మెంట్ చేయిస్తున్నాం. 530 డిగ్రీల దగ్గర ఉంచి, నీళ్లలో ముంచి, 177 డిగ్రీల దగ్గర 8 గంటలు ఏజింగ్ చేశాక హార్డ్‌నెస్ 82 బ్రినెల్ వచ్చింది. కావలసింది 95. సరిపోలేదేమోనని ఇంకో 8 గంటలు ఓవెన్‌లో పెడితే 76కి పడిపోయింది. ఎక్కువసేపు ఉంచితే ఇంకా గట్టిపడాలి కదా?

జవాబు:

గట్టిపడదు. ఇంకో 8 గంటలు పెట్టే ముందు, ఆ 82 ఏ వైపు 82 అన్నది తేల్చుకోవాల్సింది. ఏజింగ్‌లో హార్డ్‌నెస్ కొండెక్కి దిగినట్టు నడుస్తుంది. అదే 82 ఎక్కేటప్పుడూ తగులుతుంది, దిగేటప్పుడూ తగులుతుంది. ఎక్కుతున్న ముక్కకు ఓవెన్ మేలు చేస్తుంది, దిగుతున్న ముక్కను ఇంకా చెడగొడుతుంది. మీ ముక్క దిగే వైపు ఉంది.

అసలు ఆ శిఖరం ఎందుకుందో చూద్దాం. 6061లో సుమారు ఒక శాతం మెగ్నీషియం, 0.6 శాతం సిలికాన్ ఉంటాయి. 530 డిగ్రీల దగ్గర ఇవి అల్యూమినియంలో కరిగి, అణువు అణువుగా చెదిరిపోతాయి. గబుక్కున నీళ్లలో ముంచితే బయటికి రావడానికి సమయం చాలక అలాగే ఇరుక్కుపోతాయి. వాటితోపాటు మరొకటి కూడా ఇరుక్కుంటుంది: ఖాళీలు. స్ఫటికంలో అణువు ఉండాల్సిన చోట లేకపోతే దాన్ని ఖాళీ అంటాం. 530 దగ్గర ఉండే ఖాళీలు గది ఉష్ణోగ్రత దగ్గర సహజంగా ఉండేవాటికంటే లక్షల రెట్లు ఎక్కువ. మెగ్నీషియం, సిలికాన్ అణువులు పక్కకు జరగాలంటే పక్కన ఖాళీ కావాలి. క్వెంచింగ్ అంటే కరిగినదాన్ని పట్టి ఉంచడమే అనుకుంటారు చాలామంది. తర్వాత ఏజింగ్ నడవడానికి కావలసిన ఈ ఖాళీలను పట్టి ఉంచడం కూడా అంతే ముఖ్యం.

ఓవెన్‌లో పెట్టాక మొదట చిన్న చిన్న గుంపులు కడతాయి. తర్వాత బీటా డబుల్ ప్రైమ్ అనే సూదుల్లాంటి రేణువులు పుడతాయి. వీటి అడ్డుకొలత నాలుగైదు నానోమీటర్లు, పొడవు కొన్ని పదుల నానోమీటర్లు. చుట్టూ ఉన్న అల్యూమినియం స్ఫటికంతో దాదాపు అతుక్కునే ఉంటాయి, కానీ సరిగ్గా ఒదగవు. అందుకే చుట్టూ బిగువు ఏర్పడుతుంది. లోహం వంగాలంటే డిస్‌లొకేషన్ అనే లోపపు గీత స్ఫటికంలో జారాలి. దారికి ఈ రేణువులు అడ్డొస్తాయి. రేణువు చిన్నగా ఉన్నంతకాలం డిస్‌లొకేషన్ దాన్ని కోసుకుంటూ పోతుంది. రేణువు పెరిగేకొద్దీ కోయడం కష్టమవుతుంది, కాబట్టి బలం పెరుగుతుంది. కొండ ఎక్కే వైపు జరిగేది ఇదే.

కానీ లోహంలో ఉన్న మెగ్నీషియం, సిలికాన్ ఎంతో అంతే. అవి చాలామటుకు రేణువుల్లో చేరిపోయాక కొత్తవి పుట్టవు. అప్పుడు పెద్ద రేణువులు చిన్నవాటిని కరిగించుకుని పెరుగుతాయి. మొత్తం పదార్థం అంతే ఉండి రేణువులు పెద్దవైతే సంఖ్య తగ్గుతుంది, మధ్య దూరం పెరుగుతుంది. కొంత పరిమాణం దాటాక డిస్‌లొకేషన్ రేణువును కోయాల్సిన అవసరమే ఉండదు. రెండు రేణువుల మధ్య విల్లులా వంగి, అవతల కలుసుకుని, రేణువు చుట్టూ ఒక ఉంగరం వదిలేసి సాగిపోతుంది. దీన్ని ఒరోవాన్ పద్ధతి అంటారు. మధ్య దూరం ఎంత ఎక్కువుంటే వంగడం అంత తేలిక. ఇక్కడి నుంచి రేణువు పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. అదే సమయంలో బీటా డబుల్ ప్రైమ్ పోయి మరింత లావైన బీటా ప్రైమ్ వస్తుంది, చివరికి స్ఫటికంతో సంబంధమే లేని మెగ్నీషియం సిలిసైడ్ మిగులుతుంది. చుట్టూ ఉన్న బిగువు కూడా పోతుంది.

డిస్‌లొకేషన్ ఎప్పుడూ తక్కువ శ్రమ పడే దారినే వెళుతుంది. కోయడానికయ్యే శ్రమ పెరుగుతూ, దాటుకుపోవడానికయ్యే శ్రమ తగ్గుతూ వచ్చి రెండూ సమానమయ్యే చోటే శిఖరం. ఓవర్‌ఏజింగ్‌ను "లోహం కాలిపోయింది" అని చెప్పేవాళ్లు షాపుల్లో ఇంకా ఉన్నారు. ఏమీ కాలదు. ఉన్న సరుకే తక్కువ రేణువుల్లో పోగుపడింది, అంతే.

ఇక మీ ముక్క సంగతి. సరిగ్గా చేసిన 6061 నిజంగా 177 దగ్గరే ఉంటే 8 గంటలకు శిఖరం దరిదాపుల్లో ఉంటుంది. ఆ తర్వాత కూడా కొన్ని గంటలపాటు పెద్దగా కదలదు. ఇంకో 8 గంటలకు ఒకటి రెండు అంకెలు పోవచ్చేమో గానీ ఆరు పోవడం అనుమానాస్పదం. నా మొదటి అనుమానం మీ ఓవెన్ మీద. డిస్‌ప్లే 177 చూపిస్తున్నా ముక్క 200 దాటి ఉండొచ్చు. 205 దగ్గరైతే శిఖరం ఒకటి రెండు గంటల్లోనే వచ్చి వెళ్లిపోతుంది. పైగా ఆ శిఖరం ఎత్తు కూడా తక్కువ, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ పుట్టే రేణువుల సంఖ్య తగ్గుతుంది. 8 గంటలకు 82, 16 గంటలకు 76 రావడం ఈ కథకు బాగా సరిపోతుంది.

ఈ విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. చాలా ఓవెన్లలో థర్మోకపుల్ ఒక్కటే, అదీ గోడ పక్కన గాలిలో వేలాడుతూ ఉంటుంది. హీటర్‌కు దగ్గరగా పెట్టిన బుట్టలోని ముక్క ఎంత వేడెక్కిందో దానికేం తెలుస్తుంది? లక్షలు పోసి ఓవెన్ కొన్నవాళ్లు లోడ్‌లోని ముక్కకు రంధ్రం చేసి ఒక థర్మోకపుల్ దూర్చడానికి వెనకాడతారు. ఏజింగ్‌లో పదిహేను, ఇరవై డిగ్రీల తేడా చిన్నది కాదు. కాలాన్ని కొన్ని రెట్లు మార్చేస్తుంది.

రెండో అనుమానం క్వెంచింగ్ మీద. 25 ఎంఎం ముక్క కొలిమి తలుపు తెరిచిన క్షణం నుంచి పూర్తిగా నీళ్లలో మునిగేవరకు 15 సెకన్లు దాటకూడదు. ముంచేటప్పుడు నీళ్లు 38 డిగ్రీల లోపు ఉండాలి. ముఖ్యంగా 400 నుంచి 290 డిగ్రీల మధ్య మెల్లగా చల్లారితే మెగ్నీషియం సిలిసైడ్ గ్రెయిన్ల అంచుల్లో లావుగా బయటికొచ్చేస్తుంది. అలా పోయినది ఏజింగ్‌కు ఇక దొరకదు, ఖాళీలు కూడా తగ్గిపోతాయి. వేసవిలో వరసగా నాలుగు లోడ్లు ముంచాక అదే ట్యాంకులో నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఎవరూ కొలవరు. ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి ముంచితే మధ్యలోవి ఆవిరిలోనే చల్లారతాయి.

మూడోది, 530 దగ్గర సరిపడా ఉంచకపోవడం. గాలి కొలిమిలో 25 ఎంఎం మందానికి దాదాపు గంటన్నర కావాలి. ఆ లెక్క ముక్క 530కి చేరాక మొదలవ్వాలి, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు.

ఈ మూడింటినీ ఒక చిన్న పరీక్షతో విడదీయొచ్చు. అదే బార్ నుంచి 10 ఎంఎం మందంలో ఆరేడు ముక్కలు కోయండి. 530 దగ్గర గంటకు పైగా ఉంచి, ఒక్కొక్కటిగా చల్లటి నీళ్లలో వేసి కలియబెట్టండి. మీ ఓవెన్‌లో ఎప్పుడూ లోడ్ పెట్టే చోటే అన్నీ పెట్టి 1, 2, 4, 8, 12 గంటలకు ఒక్కొక్కటి తీసి హార్డ్‌నెస్ చూడండి. 4 గంటల వరకు ఎక్కి, 8 నుంచి 12 మధ్య 95 పైన నిలబడితే ఓవెన్, లోహం రెండూ బాగున్నట్టే. అప్పుడు తప్పు పెద్ద ముక్కల క్వెంచింగ్‌లోనో, 530 దగ్గర ఉంచిన కాలంలోనో ఉంది. ఒకటి రెండు గంటలకే శిఖరం వచ్చి తర్వాత జారుతూ పోతే ఓవెన్ వేడిగా ఉంది. 12 గంటలకూ ఎక్కుతూనే ఉంటే ఓవెన్ చల్లగా ఉంది. శిఖరం సరైన సమయానికే వచ్చి ఎత్తు మాత్రం తక్కువైతే 530 అనుకుంటున్న కొలిమిని, ఆ తర్వాత లోహం సర్టిఫికెట్‌ను అనుమానించండి.

ఎడ్డీ కరెంట్ కండక్టివిటీ మీటర్ అందుబాటులో ఉంటే పని ఇంకా తేలిక. కరిగి ఉన్న అణువులు కరెంట్‌కు అడ్డొస్తాయి, రేణువుల్లో చేరితే అడ్డు తగ్గుతుంది. కండక్టివిటీని రాగితో పోల్చి ఐఏసీఎస్ శాతంలో చెబుతారు. 6061 ముంచాక ఓవెన్‌లో పెట్టని టీ4లో సుమారు 40 శాతం ఐఏసీఎస్, టీ6లో 43, పూర్తిగా అనీల్ చేస్తే 47 వస్తుంది. హార్డ్‌నెస్ 82 ఉండి కండక్టివిటీ 41 ఉంటే ఇంకా ఏజ్ చేయొచ్చు. 82 ఉండి 45 ఉంటే ఓవెన్ జోలికి వెళ్లొద్దు. అది ఓవర్‌ఏజింగో, నెమ్మది క్వెంచింగో, సరిగ్గా కరగకపోవడమో అయి ఉంటుంది. మూడింటికీ మందు ఒక్కటే: మళ్లీ 530కి తీసుకెళ్లి మొదటి నుంచి చేయడం. 177 దగ్గర ఎంతసేపు ఉంచినా పెద్ద రేణువులు తిరిగి చిన్నవి కావు.

ఒక మాట మైక్రోస్కోప్ గురించి. కొందరు ముక్కను పాలిష్ చేసి ఫొటో తీసి "స్ట్రక్చర్ ఓకే" అని రిపోర్ట్ ఇస్తారు. బలాన్నిచ్చే రేణువులు మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించవు. జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని క్వెంచ్ చేసి, కొన్ని రోజులు వదిలేస్తే దానంతటదే గట్టిపడటం గమనించాడు. మైక్రోస్కోప్‌లో మాత్రం ఏ మార్పూ దొరకలేదు. కారణం కంటికి కనపడని రేణువులే అయి ఉండాలని లోహ శాస్త్రవేత్త పాల్ మెరికా బృందం 1919లో చెప్పింది. గినియే, ప్రెస్టన్ 1938లో విడివిడిగా ఎక్స్‌రేలతో వాటి ఆనవాళ్లు పట్టుకున్నారు. కాబట్టి ఆ ఫొటో మీ 82కి కారణం చెప్పలేదు.

విల్మ్ చూసిన ఆ సహజ ఏజింగ్ 6061లో కూడా జరుగుతుంది, కానీ టీ6 కావాలనుకునేవాళ్లకు అది మేలు చేయదు. క్వెంచ్ చేసిన ముక్కల్ని రెండు రోజులు బెంచీ మీద పడేస్తే అణువులు గుంపులు కట్టి ఖాళీలను పట్టేసుకుంటాయి. తర్వాత ఓవెన్‌లో సూదులు పలచగా పుడతాయి, చివరి బలం కొద్దిగా తగ్గుతుంది. శనివారం ముంచి సోమవారం ఓవెన్‌లో పెట్టే అలవాటుంటే మానేయండి. ముంచిన రోజే, కొన్ని గంటల్లోపే పెట్టండి.

ఇంకొకటి, మీ ముక్కలకు తర్వాత పౌడర్ కోటింగ్ ఉంటే ఆ ఓవెన్ కూడా ఏజింగ్ ఓవెనే. టీ6 ముక్క 205 దగ్గర సుమారు అరగంట తట్టుకుంటుంది. రంగు బాగా రాలేదని రెండుసార్లు, మూడుసార్లు కాలిస్తే ఆ కాలమంతా కలిసిపోతుంది. టీ6 హార్డ్‌నెస్‌ను కోటింగ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడమని డ్రాయింగ్‌లోనే రాయించుకోండి.