ముందు ఆ యాభై రెండు తప్పులు చూడు

చిన్నోడా,

నీట్‌లో 380 వచ్చాయనీ, మళ్లీ లాంగ్‌టర్మ్‌లో చేరతానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పట్టు వదల్లేదని సంతోషమే, భయం కూడా వేసింది. వారం నుంచీ సరిగ్గా తినట్లేదట. ముందు అన్నం తిను.

డిగ్రీ సీటుకి కూడా అప్లై చేసి పెట్టుకో. వాదించకు.

ఇప్పుడు అసలు సంగతి. 1994లో నాకు ఎంసెట్ పోయింది. ర్యాంకు చూసి, కార్డు మడిచి బీరువాలో చీరల కింద పడేశాను. ఎక్కడ పోయిందో చూసుకోవాలంటే సిగ్గు. తాతయ్య చేత కొత్త పుస్తకాలు కొనిపించి, మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఏడాదంతా బోటనీ బొమ్మలకి రంగులు వేస్తూ కూర్చున్నా, అది నాకు వచ్చు గనక. ఫిజిక్సు లెక్కలు మాత్రం పరిష్కారం చదివి, అర్థమైందనుకుని పేజీ తిప్పేదాన్ని. ఒక్కటీ కాగితం మీద చెయ్యలేదు. రెండోసారీ అదే ఫిజిక్సులో పోయింది. ఆ కార్డు బయటికి తీసి పక్కన పెట్టి చూస్తే, బోటనీలో పెరిగినవి మూడే మార్కులు! ఏడాది చదివింది దానికా? ఇప్పటికీ తలుచుకుంటే నామీద నాకే కోపం వస్తుంది.

నీకు ఆ అవసరం లేదురా. నీ ఓఎంఆర్ కాపీ, కీ ఆన్‌లైన్లో పెట్టినప్పుడు దింపుకున్నావట కదా. మీ నాన్న పంపిన లెక్క చూశాను. ఫిజిక్సులో 16 రైటు, 18 తప్పు, మార్కులు 46. కెమిస్ట్రీలో 26 రైటు, 14 తప్పు, 90. బయాలజీలో 66 రైటు, 20 తప్పు, 244. మొత్తం తప్పులు 52.

ఒక్కో తప్పు పక్కన ఒక అక్షరం రాయి. అసలు తెలియనిదైతే ‘తె’, తెలిసీ ప్రశ్న సరిగ్గా చదవనిదైతే ‘చ’, లెక్కలో పొరబడితే ‘లె’. నిజం రాయి, ఎవరూ ఏమీ అనరు. తప్పు పెట్టినదాన్ని రైటు చేస్తే వచ్చేది నాలుగు కాదు, అయిదు మార్కులు. పోయే ఒకటి కూడా మిగులుతుంది కదా. బయాలజీలో ‘సరికానిది ఏది’ అన్నచోట సరైనది దిద్దిన ‘చ’లు పది ఉన్నాయనుకో, అవే యాభై మార్కులు. వాటికి కోచింగ్ అక్కర్లేదు, నిదానం కావాలి. ‘తె’లు ఎక్కువై, అవీ ఫిజిక్సులోనే ఉంటే అప్పుడు లాంగ్‌టర్మ్ గురించి మాట్లాడుకుందాం. చేరినా పొద్దున్నే రెండు గంటలు ఫిజిక్సుకే, పరిష్కారం మూసేసి.

లెక్క తేలేదాకా ఫీజు కట్టొద్దని మీ నాన్నకి చెప్పాను. శనివారం ఆ కాగితాలు తీసుకుని రా. బయాలజీ తప్పులు నేను చూస్తాను. ఫిజిక్సువి మాత్రం నన్నడక్కు, నాకు ఇప్పటికీ రావు.

మీ అత్త