రెపో తగ్గింది, నా ఈఎంఐ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: లాయరు గారూ, 2022 జనవరిలో తిరుపతి కొర్లగుంటలో ఇల్లు కొనడానికి బ్యాంకులో 25 లక్షల లోను తీసుకున్నాను. 20 ఏళ్లు, ఫ్లోటింగ్ వడ్డీ. అప్పుడు 6.75 శాతం, ఈఎంఐ రూ.19,009. 2023 ఏప్రిల్‌లో దాన్ని రూ.20,400 చేశారు. 2025లో ఆర్‌బీఐ నాలుగుసార్లు వడ్డీ తగ్గించినా నా ఈఎంఐ పైసా తగ్గలేదు. ఇది మోసం కాదా? కేసు వేయొచ్చా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మోసం కనిపించడం లేదు. తగ్గిన వడ్డీ ఈఎంఐలో కాకుండా నెలల్లో తగ్గి ఉండాలి. నిజంగా తగ్గిందా లేదా అన్నది మాత్రం మీరు తప్పక చూసుకోవాలి, ఎందుకంటే మీ విషయంలో తేడా లక్షల్లో ఉంటుంది.

ముందు శాంక్షన్ లెటరులో వడ్డీ పేరా చదవండి. 2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ ఇంటి లోన్లన్నీ బయటి రేటుకు ముడిపడి ఉండాలన్నది ఆర్‌బీఐ ఆదేశం. ఎక్కువ బ్యాంకులు ఆర్‌బీఐ తమకు అప్పిచ్చే వడ్డీ రేటైన రెపోనే ఎంచుకున్నాయి. అంటే మీరు సంతకం పెట్టింది 6.75 శాతానికి కాదు, ‘రెపో, దానిపైన 2.75’ అన్న సూత్రానికి. అప్పుడు రెపో 4 శాతం. అది మారినప్పుడు మూడు నెలలకు ఒకసారైనా మీ రేటు సవరించాలి. దానికి మళ్లీ మీ సంతకం అక్కర్లేదు.

2022 మే నుంచి రెపో పెరుగుతూ 2023 ఫిబ్రవరికి 6.50కి చేరింది. మీ రేటు 9.25 అయింది. అప్పటికి మీ అసలు సుమారు 24.60 లక్షలు ఉండాలి. దానిమీద ఒక్క నెల వడ్డీయే రూ.18,962. పాత ఈఎంఐ రూ.19,009లో అసలుకు పోయేది 47 రూపాయలు! అలాగే వదిలేస్తే అప్పు తీరడానికి 65 ఏళ్లు పడుతుంది. అందుకే బ్యాంకు ఈఎంఐ కొంత పెంచి, మిగతా భారాన్ని గడువు మీద వేసింది. రూ.20,400 చొప్పున లెక్కేస్తే మీ 20 ఏళ్ల లోను 30 ఏళ్లకు సాగింది. ఈ రెండో సంగతి మీ ఉత్తరంలో లేదు. చాలామందికి ఈఎంఐ పెరిగిందన్నదే తెలుస్తుంది, గడువు పెరిగిన మాట తెలియదు.

2025లో నాలుగు కోతల తర్వాత రెపో 5.25కు దిగింది. మీ రేటు 8 శాతానికి రావాలి. 2026 జనవరి నాటికి అసలు దాదాపు 23.92 లక్షలు, పాత లెక్క ప్రకారం ఇంకా 313 నెలలు. ఈఎంఐని కదపకపోతే ఇప్పుడు 229 నెలల్లో తీరిపోతుంది. అంటే ఏడేళ్లు తగ్గినట్టు. అదే 313 నెలలూ ఉంచి ఈఎంఐ తగ్గించమంటే సుమారు రూ.18,224 అవుతుంది. నెలకు రూ.2,176 మిగులుతుంది గానీ చివరికి కట్టేది పది లక్షలకు పైగా ఎక్కువ. ఇంటి ఖర్చుకు మరీ ఇబ్బందిగా ఉంటే తప్ప ఆ దారి వద్దంటాను. కుదిరితే ఈఎంఐని రూ.22,070 చేయమని అడగండి. మొదట అనుకున్న 20 ఏళ్లకే లోను ముగుస్తుంది.

ఇప్పుడు మీ హక్కుల మాట. 2023 ఆగస్టు 18 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం వడ్డీ పెరిగినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతగానా అన్న ఎంపిక మీకివ్వాలి. ఈఎంఐ గానీ గడువు గానీ పెరిగితే వెంటనే తెలియజేయాలి. మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలి. పాత లోన్లకూ దీన్ని 2023 డిసెంబరు 31లోగా అమలు చేయమన్నారు. కాబట్టి 2023 ఏప్రిల్‌లో మిమ్మల్ని అడగకుండా పెంచారని ఈ సర్క్యులర్ పట్టుకుని కేసు వేస్తే నిలవదు. అది తర్వాత వచ్చింది.

కేసుకన్నా ముందు తాజా స్టేట్‌మెంట్ తెచ్చుకుని రెండు అంకెలు చూడండి: వడ్డీ రేటు, మిగిలిన వాయిదాలు. రేటు 8 ఉండి వాయిదాలు 229 దరిదాపుల్లో ఉంటే బ్యాంకు సరిగానే చేసింది. రేటు ఇంకా 8.50, 9 అని ఉంటే రీసెట్ జరగలేదు, లేదా 2.75ను పెంచారు. మీ చెల్లింపుల చరిత్ర పెద్దగా దెబ్బతినకుండా ఆ 2.75లో అప్పు ఎగవేత రిస్క్‌కు వేసే భాగాన్ని పెంచడానికి లేదు, మిగతా భాగాన్ని మూడేళ్లలోపు పెంచడానికీ లేదు. మీకిచ్చింది బ్యాంకు కాక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే మాత్రం ఈ లెక్క వర్తించదు. వాళ్లు రెపోకు ముడిపెట్టాలన్న నిబంధన లేదు.

తేడా కనబడితే బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సీలు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు తర్వాత వెళ్లండి. ముందే అక్కడ కేసు వేస్తే అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు.