ఒకే బిల్లుకు రెండు వరుసలు వర్తిస్తుంటే

ప్రశ్న: బీకాం అయ్యాక బిజినెస్ అనలిస్ట్ ట్రైనీగా చేరాను సార్. ట్రావెల్ పాలసీ ఇచ్చి, ఏ పరిస్థితిలో ఎవరి ఆమోదం కావాలో చూపే డెసిషన్ టేబుల్ తయారు చేయమన్నారు. ప్రతి వాక్యాన్నీ ఒక వరుసగా రాశాను. "రూల్స్ ఒకదానితో ఒకటి గొడవపడుతున్నాయి" అని మా లీడ్ తిప్పి పంపారు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: వాక్యానికో వరుస రాయడంలోనే ఉంది తప్పు. మీ పాలసీలో ఇలాంటి మాటలు ఉన్నాయనుకుందాం: హోటల్‌కు రాత్రికి 4,000 వరకు ఇస్తాం, దాటితే మేనేజర్ ఆమోదం కావాలి, 10,000 పైబడిన క్లెయిమ్ ఫైనాన్స్ హెడ్‌కు వెళ్లాలి.

ఒక ఉద్యోగి రాత్రికి 3,800 చొప్పున మూడు రాత్రులు ఉన్నాడు. బిల్లు 11,400. మొదటి వాక్యం ప్రకారం ఎవరినీ అడగక్కర్లేదు, చివరి వాక్యం ప్రకారం ఫైనాన్స్ హెడ్ సంతకం కావాలి. 4,000 అనేది రాత్రికి, 10,000 అనేది మొత్తం క్లెయిమ్‌కు. మీరు రెండింటినీ "మొత్తం" అనే ఒకే కాలమ్‌లో పెట్టి ఉంటారు. విడదీయండి. ఒక్కో కాలమ్‌కు రెండేసి విలువలు కాబట్టి రెండు రెళ్లు నాలుగు వరుసలే వస్తాయి:

| రాత్రి పరిమితి దాటిందా | క్లెయిమ్ 10,000 దాటిందా | ఆమోదం |
|---|---|---|
| లేదు | లేదు | అక్కర్లేదు |
| అవును | లేదు | మేనేజర్ |
| లేదు | అవును | ఫైనాన్స్ హెడ్ |
| అవును | అవును | ? |

ఆ ప్రశ్నార్థకం చూశారా? ఇద్దరి ఆమోదమూ కావాలా, పెద్దాయనది చాలా అన్నది పాలసీలో లేదు. దాన్ని మీ ఊహతో నింపకండి. పాలసీ రాసినవాళ్లను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కొందరు "పైనుంచి మొదట సరిపోయిన వరుసే చెల్లుతుంది" అని పెట్టి గొడవ కనపడకుండా చేస్తారు. నాకది నచ్చదు. రేపు ఎవరైనా వరుసల క్రమం మారిస్తే ఆమోదాలూ మారిపోతాయి. ఏ క్లెయిమ్‌కైనా ఒక్క వరుసే సరిపోవాలన్న నియమం పెట్టుకుంటే తప్పు వెంటనే బయటపడుతుంది.

ఈ టేబుల్‌లో 4,000 అనే అంకె లేదని గమనించారా? హోటల్, భోజనం, ట్యాక్సీ పరిమితులన్నీ వేరే చిన్న టేబుల్‌లో ఉంచండి. పరిమితి పెరిగినప్పుడు అక్కడ ఒక గడి మారిస్తే సరిపోతుంది. ఆమోదాల టేబుల్ జోలికి పోనక్కర్లేదు.

టెస్టింగ్‌కు సరిగ్గా అంచున ఉన్న బిల్లులు తీసుకోండి. "వరకు" అంటే 4,000 కూడా కలిసినట్టే, కాబట్టి `<= 4000`. "పైబడిన" అంటే `> 10000`, సరిగ్గా 10,000 అయితే ఫైనాన్స్ హెడ్‌కు వెళ్లదు. ఇంకో బిల్లు కూడా వేసి చూడండి: రెండు రాత్రులు 3,000 చొప్పున, మూడో రాత్రి 5,500. సగటు 3,833, అంటే పరిమితిలోనే ఉంది. రాత్రివారీగా చూస్తే ఒకటి దాటింది. ఏది లెక్కలోకి తీసుకోవాలో కూడా పాలసీవాళ్లే చెప్పాలి. ఈసారి లీడ్‌కు టేబుల్‌తో పాటు ఈ రెండు ప్రశ్నలూ పంపండి.