బోరు మోటారు బరువును ఏది మోయాలి? ఎన్‌ఆర్‌వీ ఎక్కడ ఉండాలి?

సందేహం: మా బోరు 300 అడుగుల లోతు, ఆరున్నర అంగుళాలు. మోటారు ఆపినప్పుడు నీళ్లు 120 అడుగుల దగ్గర నిలుస్తాయి, నడిచేటప్పుడు 200 అడుగులకు దిగిపోతాయి. పోయిన ఏడాది పైపు జారి 5 హెచ్‌పీ మోటారు బోర్లోనే పడిపోయింది. ఇప్పుడు కొత్తది నల్ల పైపుతో 240 అడుగుల్లో దింపుదామనుకుంటున్నాం. ఎన్‌ఆర్‌వీ పెడితే రేపు పైకి తీయలేమని మెకానిక్ అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక రైతు, అనంతపురం జిల్లా

సలహా: మీ మెకానిక్ చెప్పిన మాటలో సగం నిజముంది. పంపు దగ్గర ఎన్‌ఆర్‌వీ, అంటే నాన్ రిటర్న్ వాల్వు ఉంటే పైపులోని నీరు కిందికి జారిపోదు కాబట్టి, మోటారు తీసేటప్పుడు ఆ నీటి బరువును కూడా లాగవలసి వస్తుంది. 63 మిల్లీమీటర్ల నల్ల హెచ్‌డీపీఈ పైపు 240 అడుగులకు సుమారు 80 కిలోలు, అందులో నిలిచే నీరు 150 కిలోలు, పంపు, మోటారు, కేబుల్ కలిపి మరో 70, 80 కిలోలు ఉంటాయి. ఈ 300 కిలోలను నలుగురు చేతులతో లాగలేరన్నది వాస్తవమే. దానికి పరిష్కారం ముక్కాలి, చైన్ పుల్లీ తెప్పించుకోవడమే తప్ప వాల్వు మానేయడం కాదు. కొందరు తీసేటప్పుడు నీరు కారిపోవాలని వాల్వు పైన పైపుకు చిన్న రంధ్రం పెడతారు. అలా చేస్తే వాల్వు ఉన్నా లేనట్లే.

వాల్వు లేకపోతే, మోటారు ఆగిన ప్రతిసారీ పైపులోని నీరు పంపు గుండా బోరులోకి దిగుతూ ఇంపెల్లర్లను వెనక్కి తిప్పుతుంది. సరిగ్గా అదే సమయంలో కరెంటు వచ్చి ఆటో స్టార్టర్ మోటారును మళ్లీ నడిపిస్తే, వెనక్కి తిరుగుతున్న షాఫ్టు ఒక్కసారిగా ముందుకు తిరగవలసి వచ్చి షాఫ్టో కప్లింగో విరుగుతుంది. పైగా ఆ కుదుపంతా పైపు జాయింటు మీద పడుతుంది. మీ మోటారు పడిపోవడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చు.

చాలా పంపులకు నీరు బయటికి వచ్చే చోట వాల్వు అమర్చే ఉంటుంది, కానీ ఇసుక వచ్చే బోరులో అది త్వరగా అరుగుతుంది. అందువల్ల స్ప్రింగు ఉన్న మరొక వాల్వును, దాని మీది బాణం గుర్తు పైకి ఉండేలా, పంపు మీదే మరతో బిగించి, ఆపైన పైపు కలపండి. వాల్వును గట్టు మీద మాత్రమే పెడితే, మోటారు ఆగినప్పుడు నీటి స్తంభం కిందికి జారి వాల్వు కింద శూన్యం ఏర్పడుతుంది. మళ్లీ నడిపినప్పుడు నీరు సమ్మెటదెబ్బలా వచ్చి తగులుతుంది.

పైపు మధ్యలో అతుకు లేకుండా ఒకే చుట్టగా తీసుకోండి. పంపు ప్లేటు మీద ఉన్న గరిష్ఠ హెడ్ 100 మీటర్ల లోపు ఉంటే 10 కిలోల ఒత్తిడిని తట్టుకునే పైపు సరిపోతుంది. అంతకు మించితే ఇంకా బలమైనది కావాలి. పైపు జారేది సాధారణంగా నిప్పల్ దగ్గరే కాబట్టి, అక్కడ రెండు స్టీలు క్లాంపులు, వాటి బోల్టులు ఎదురెదురు వైపులకు వచ్చేలా, బిగించాలి. పంపుకున్న కొక్కేనికి పాలీప్రొపిలీన్ తాడు గానీ స్టెయిన్‌లెస్ స్టీలు వైరు తాడు గానీ కట్టి, దాని పై కొసను కేసింగుకు విడిగా బిగించండి. ఆ తాడు 300 కిలోల బరువును ఒంటరిగా ఆపగలిగేదై ఉండాలి; వదులుగా ఉంటే పైపు జారినప్పుడు కుదుపుకే తెగుతుంది.

కేబుల్ బరువు కేబుల్ మీద పడకూడదు. ప్రతి 10 అడుగులకు ఒకచోట పైపుకు కట్టాలి. అయితే బరువుకు నల్ల పైపు కొద్దిగా సాగుతుంది కనుక కట్టుకూ కట్టుకూ మధ్య కేబుల్‌ను కాస్త వదులుగా ఉంచండి. బిగుతుగా కడితే పైపు సాగినప్పుడు మోటారు దగ్గరి అతుకు లాగుడుకు గురవుతుంది.

దించే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీయించండి. ముక్కాలి పైన విద్యుత్ తీగలేవీ లేవని చూసుకోండి. నీటితో నిండే మోటారైతే శుభ్రమైన నీరు పోసి గాలి బుడగలు పోయేదాకా ఆగండి. కేసింగు అంచుకు రాసుకోకుండా పైపును కప్పీ మీదుగా వదులుతూ, ప్రతి 20 అడుగులకు పైపుకు క్లాంపు వేసి కేసింగు మీద ఆనించాకే చైను మార్చాలి. ఒక క్లాంపు విప్పే ముందు రెండోది ఆనుకుని ఉండాలన్నది తప్పనిసరి. బోరు నోటికి గోనె కప్పడం మరవకండి, ఎందుకంటే జారిపడిన ఒక్క నట్టు పంపుకూ బోరు గోడకూ మధ్య ఇరుక్కుంటే మోటారు పైకి రాదు. సగం దూరం దిగాక ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో కేబుల్‌ను పరీక్షించండి. విలువ ఒక్కసారిగా పడిపోతే కేబుల్ ఎక్కడో గీసుకుందని తెలుస్తుంది, అప్పుడే పైకి లాగడం తేలిక.

మొదటి రోజు మోటారు ఆపి, గట్టు మీది పైపు నోటికి అరచేయి అడ్డం పెట్టి చూడండి. చేయి లోపలికి పీల్చుకుపోతున్నట్లు అనిపించినా, తిరిగి వేసినప్పుడు నీరు రావడానికి చాలాసేపు పట్టినా వాల్వు కారుతోందని అర్థం. అప్పుడు ఆటో స్టార్టర్‌ను కొన్ని నిమిషాలు ఆగి నడిచేలా సరిచేయించి, వాల్వు మార్చే వరకు అలాగే వాడండి.